నడిమి ఉడుకు

ఆ కరోనా జ్వరం వచ్చి తగ్గాక మా అమ్మకు ఒంట్లో అన్నీ తిరిగొచ్చాయి, ముక్కూ నాలుకా తప్ప. కాళ్లలో బలం వచ్చింది, దగ్గు పోయింది, గొంతు అయితే మునుపటికంటే పెద్దదైంది. కానీ వాసన రాలేదు, రుచి రాలేదు. చింతకాయ తొక్కు నోట్లో పెట్టుకుని, "గిది తొక్కా, మట్టా?" అని అడిగేది. మొదట్లో నవ్వుకునేవాళ్లం. ఏడాది గడిచి రెండో ఏడు నడుస్తున్నా అదే మాట అంటుంటే నవ్వు రావడం మానేసింది.

మాకు నకిరేకల్‌లో హైవే పక్కన చిన్న మెస్సు ఉంది. నాయిన పోయాక అమ్మ మొదలుపెట్టింది, తర్వాత నేనూ చేరాను. ఆరు బల్లలు, పైన రేకులు, వెనక వంటకు ఒక గది, దాని పక్కనే మేముండే గది. ఆ గదిలో మా అమ్మ వండే మేక పేగుల కూర, బోటి కోసం హైదరాబాదు నుంచి బెజవాడ పోయే లారీలు, బెజవాడ నుంచి వచ్చే లారీలు బండి పక్కకు తీసి ఆగేవి. బోటి అంటే ఎవరైనా వండుతారు గానీ, కడగడంలోనూ ఉడకనివ్వడంలోనూ అమ్మకున్న ఓపిక నాకు లేదు. ఆమె గంటె పెట్టి చూసేది కాదు. పొయ్యికి దూరంగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ ముక్కుతోనే చెప్పేది, ఇప్పుడు కారం వెయ్యి, ఇప్పుడు ధనియాల పొడి వెయ్యి అని. అలాంటిది ముక్కే పోయింది.

జ్వరం తర్వాత ఒకరోజు కూరలో ఉప్పు వేసిన సంగతి మరిచి మళ్లీ వేసింది. తిన్న మనిషి నీళ్ల చెంబు మీద చెంబు అడిగాడు. అమ్మకు అర్థమైంది. మరునాటి నుంచి పొయ్యి దగ్గర నిలబడలేదు. గిన్నెలు తోమేది, బియ్యం ఏరేది, జొన్న రొట్టెలు చేసేది. గంటె మాత్రం ముట్టుకునేది కాదు.

"రుచి తెల్వనోళ్లు వండి పెట్టుడు పాపం బిడ్డా. నోట్లో ఏం పెడుతున్ననో నాకే తెల్వకపాయె," అనేది.

భువనగిరిలో మా అక్క ఉంటుంది. వాళ్లది గట్టి ఇల్లు, పైన ఒక గది ఖాళీ. అమ్మ సంగతి విన్నప్పటి నుంచి ఒకటే పట్టు. "వండలేని మనిషి మెస్సులుండి ఏం చేస్తది? గిన్నెలు తోమనీకె ఉంచుకున్నవా? నా కాడికి తోలియ్యి, నీడకు కూసుంటది," అని ఫోన్లో నన్ను దులిపేది. అక్క మాట పదునే గానీ మనసు మంచిది. అమ్మ చివరికి సరే అంది. అక్క వచ్చినప్పుడు తనే అమ్మ చీరలు ఎంచి తను తెచ్చిన సంచిలో సర్ది మంచం కింద పెట్టి పోయింది, మళ్లీ వచ్చినప్పుడు వెంటబెట్టుకుని పోతానంది.

ఆ సంచి కనబడకుండా నేను దుప్పటి అంచు కిందికి లాగేదాన్ని. అమ్మ పోతే మెస్సు నడపలేనని కాదు. నడుపుతాను. వంటగదిలో అమ్మ లేకుండా నేనొక్కదాన్నే కోసే ఉల్లిగడ్డల చప్పుడు మాత్రం నాకొద్దు. ఆ మాట అక్కతో అనలేను, అమ్మతో అస్సలు అనలేను. అమ్మను గిన్నెల కోసం ఉంచుకుంటున్నానని అక్క అన్నది నాకు గుచ్చుకుని ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే వచ్చింది థర్మాకోల్ డబ్బా.

బందరు వైపు నుంచి చేపలూ రొయ్యలూ ఐసులో వేసుకుని హైదరాబాదు పోయే డ్రైవరు ఒకాయన ఉండేవాడు. మా పాత గిరాకీ. అమ్మను పిన్నిగారూ అంటాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆయన ఒకరోజు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశాడు. ఐసు ముక్కల మధ్య తెల్లగా, గులాబీ మచ్చలతో, కళ్లు మిటకరించుకుని ఏవో పడున్నాయి. చేప అందామంటే పొలుసు లేదు, రెక్కలు నెత్తికెక్కాయి, మూతి చుట్టూ కాళ్లు.

"స్క్విడ్ అంటారమ్మా. ఈ లావుపాటివి కటిల్‌ఫిష్. హార్బర్లో మావోళ్లు ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం నేనూ, ఇంకో ఇద్దరు డ్రైవర్లూ ఇటే వస్తాం. వండి పెట్టండి చెల్లెమ్మా, ఇంట్లో తిన్నట్టుంటది."

"ఎట్ల వండాలె అన్నా?"

"ఏమో, నేను తినేవాణ్ణే. వండేది మా ఆవిడ," అని నవ్వాడు. కానీ శుభ్రం చేయడం చూపించి పోయాడు. తల పట్టి లాగితే లోపలిదంతా దాంతో వచ్చేస్తుంది. సిరా సంచి పగిలితే చేతులు నల్లనవుతాయి. స్క్విడ్ లోపల ప్లాస్టిక్ ముక్క లాంటి పలచని వెన్ను ఒకటి ఉంటుంది, లాగేయాలి. కాళ్ల మధ్య చిలక ముక్కు లాంటి పళ్లు ఉంటాయి, నొక్కి తీసేయాలి. కటిల్‌ఫిష్‌ను చీరితే లోపల తెల్లగా, సుద్దలాగా, అరచేతి సైజు బొమిక బయటపడింది.

గిన్నెలు తోముతున్న అమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి ఆ బొమికను పట్టుకుని చూసింది. గోటితో గీకింది, పొడి రాలింది.

"గిది సముద్రపు నురుగు గదనే! చిన్నప్పుడు మీ చెవులు కారితే పచారి దుకాణంల కొనుక్కొచ్చి నూరేసిన. నురుగంటే నురుగే అనుకున్న ఇన్నేండ్లు. దీని కడుపులదా?"

ఆ పూటంతా ఆ బొమికను కొంగుకు కట్టుకుని తిరిగింది. జ్వరం తర్వాత అమ్మ ఒక వస్తువు గురించి అంతసేపు మాట్లాడడం నేను చూడలేదు.

ఆదివారం వచ్చింది. మా మెస్సులో ఒక పద్ధతి ఉంది, హైవే మీద అన్ని మెస్సుల్లోనూ ఉన్నదే. పొద్దున్నే కోడి గానీ పొట్టేలు మాంసం గానీ అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు వేసి సగం ఉడికించి పెట్టుకుంటాం. గిరాకీ కూర్చోగానే ఆ సగం ఉడికిన ముక్కలను మసాలాలో వేసి తిప్పి, నాలుగు బుడగలు రానిచ్చి పెడతాం. లారీ వాళ్లకు ఆగే తీరిక ఉండదు. ఈ సగం ఉడుకు లేకపోతే మెస్సు నడవదు. నేను స్క్విడ్‌నూ అలాగే చేశాను. చక్రాలుగా కోసి, కటిల్‌ఫిష్‌ను ముక్కలుగా కోసి, పొద్దున కోడి పక్క పొయ్యి మీదే ఉడకబెట్టాను. పచ్చిదనం పోయిందనిపించేదాకా, అంటే కోడికి ఎంతసేపు పడుతుందో దాదాపు అంతసేపు. వడకట్టి స్టీలు బేసిన్లో మూత పెట్టాను. మధ్యాహ్నం ముగ్గురు డ్రైవర్లూ కూర్చోగానే ఉల్లిగడ్డ, టమాట, కారంతో మసాలా వేయించి, ముక్కలు అందులో వేసి బాగా తిప్పి, గిన్నెలకెత్తి పెట్టాను. కొత్తిమీర చల్లాను. చూడముచ్చటగానే ఉంది.

ముగ్గురూ నమలడం మొదలుపెట్టారు. నమిలారు. ఇంకా నమిలారు. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. మా బందరు డ్రైవరు మంచివాడు, "మసాలా బాగుందమ్మా" అన్నాడు. రెండో ఆయన ముక్కను దవడకు ఒక పక్కకు నెట్టి, "ఏం లేదులే, స్టెపినీ టైరు మర్చిపోయి వచ్చాను, ఇది పనికొస్తది," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మొహం మంట పుట్టింది. వాళ్లు మసాలా వరకూ రొట్టెతో అద్దుకుని తిని, ముక్కలన్నీ గిన్నె అంచున వరుసగా పెట్టి పోయారు.

మిగిలిన ముక్కలు బయట కుక్కకు వేశాను. అది ఒకటి నోట కరుచుకుని నీడకు పోయి, కాసేపటికి దాన్ని అక్కడే వదిలేసి, నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

బేసిన్లో ఇంకా సగం ముక్కలున్నాయి. వాటినీ పారబోయబోతుంటే అమ్మ నా చేయి పట్టుకుంది. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. నాకు చిరాకేసింది, రుచి తెలియని మనిషి ఏం చూస్తుందని. అమ్మ మాత్రం చాలాసేపు నమిలి, ముక్కను అరచేతిలోకి తీసి, వేళ్లతో వంచి చూసింది. వంచి వదిలితే టక్కున మళ్లీ మొదటిలాగే అయింది.

"రుచి నాకు తెల్వది. కని గిది తెలుస్తాంది," అంది.

"ఏంది?"

"గిది. పళ్లకు." దవడ మీద వేలు పెట్టుకుంది. "నా పళ్లు మంచిగనే ఉన్నయి గదా. ఇన్నొద్దులు నాకు ఆ సంగతే యాదికి రాలే."

నేను బందరు ఆయనకు ఫోన్ చేశాను, ఆయన ఇంటావిడతో మాట్లాడించాడు. ఆమె నవ్వి, "స్క్విడ్ ఎక్కువ ఉడికిందండీ. ముక్క తెల్లబడగానే దించెయ్యాలి. రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు," అంది. అది విని అమ్మ పక్కనుంచి, "మరి లావుపాటివో?" అని అడిగించింది. కటిల్‌ఫిష్‌నా, దాన్ని పులుసులో గంట పెడతామండీ, పెద్దదైతే ఇంకా ఎక్కువే, అందామె. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్లు మండింది. ఒకదానికి రెండు నిమిషాలు, దాని చుట్టానికి గంటా? నేను పెట్టింది రెండింటికీ మధ్యలో కదా, అది ఎలా తప్పవుతుంది?

"ఎక్కువైందంట అమ్మా. పారబోస్త."

"ఆగు. ఎక్కువైంది ఇంకా ఎక్కువైతే ఏమైతది? పోయేదేముంది, కుక్క కూడా తినలే గదా!"

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అయిపోయి మెస్సు ఖాళీగా ఉంది. అమ్మ ఆ రబ్బరు ముక్కల్ని బోటి వండే గంజులో వేసి, నీళ్లు పోసి, మంట సన్నగా పెట్టి మూత పెట్టింది. నేను దాచి ఉంచిన పచ్చి స్క్విడ్ ఒకటి ఐసులో మిగిలి ఉంది. దాన్ని నాతో చక్రాలుగా కోయించి పక్క పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో పడేయమంది. నేను గంటెతో ఒక్కో చక్రం తీసి ఇవ్వాలి. ఆమె కొరికి చూస్తుంది. అదీ మా పని.

తెల్లబడగానే తీసిన మొదటి చక్రం కొరికి కళ్లు పెద్దవి చేసింది. "లేత కొబ్బరి లెక్కున్నది. పన్ను దిగుతాంది."

కాసేపటికి ఇంకొకటి. "బిగుస్తాంది." మరికాసేపటికి చక్రాలు సగానికి సగం చిన్నవైపోయాయి, వేలికి ఉంగరంలా పడతాయి. అది కొరికి పళ్లు లాక్కుంది. "ఇగో, పొద్దున నువ్వు పెట్టింది గిదే. నువ్వు దించిన జాగా గిదే."

నేను పొయ్యి కట్టేయబోయాను. ఇంకేం చూస్తాం, పాడైంది కదా. "కట్టెయ్యకు. నీళ్లు పొయ్యి, వేడివి," అంది. పోశాను. తర్వాత చాలాసేపు ఏమీ మారలేదు. నాలుగైదుసార్లు తీసి ఇచ్చాను, ప్రతిసారీ రబ్బరే. నాకు విసుగొచ్చి బల్లలు తుడవడానికి పోయాను. అమ్మ మాత్రం స్టూలు మీద కదలకుండా కూర్చుంది. బోటి ముందు కూర్చునే కూర్చోవడమే అది.

నేను బల్లలన్నీ తుడిచి, బియ్యం నానబెట్టి, కూరగాయలు కోసి వచ్చేసరికి వంటగదిలోంచి కేక. "లొంగింది రో!"

పరుగెత్తాను. గంజులోని రబ్బరు ముక్కని, కుక్క వదిలేసిన దాని తోబుట్టువుని, అమ్మ బొటనవేలూ చూపుడు వేలూ మధ్య పెట్టి నొక్కింది. నలిగింది. నా నోట్లో పెట్టింది. మెత్తగా, బోటి ఉడికినట్టే, ఒక్క కొరుకుకు తెగింది. ముందున్నదానికంటే చిన్నదైంది, కానీ మెత్తగా ఉంది. పాడైపోయిందని నేను తేల్చేసింది పాడవలేదు. వంట ఇంకా పూర్తి కాలేదంతే.

అప్పుడు అమ్మ ఇంకొకటి చూపించింది. ఆ నీళ్లలో వేళ్లు ముంచి, ఆరనిచ్చి, రెండు వేళ్లు అంటించి తీసింది. వేళ్లు అతుక్కుని విడిపోయాయి. "మేక కాళ్ల పాయ లెక్కనే. పాయ తాగితే పెదాలు అతుక్కుంటయి చూడు. గా జిగురే గిది. ముందుగాల గదే పట్టుకుంటది, బిగుస్తది. కూసోవెడితే గదే కరుగుతది."

తర్వాత ఫోన్లో వెతికి చదివితే అదే రాసి ఉంది. ఈ జీవుల కండ పోగులు చాలా పొట్టివి, పొరలు పొరలుగా అల్లి ఉంటాయట, మధ్యమధ్య కొల్లాజెన్ అనే గట్టి పొరలు అడ్డంగా కట్టి పెట్టి ఉంటాయట. కొంచెం వేడి తగలగానే కండ తెల్లబడుతుంది, అప్పుడు లేతగా ఉంటుంది. వేడి ఇంకా ఎక్కితే ఆ పొరలు ముడుచుకుని కండను పిండి నీళ్లన్నీ బయటకు నెట్టేస్తాయి. అదే రబ్బరు. ఇంకా చాలాసేపు తడి వేడిలో ఉంచితే ముడుచుకున్న ఆ పొరలే కరిగి జిగురు అవుతాయి. నేను చదివి వినిపిస్తే అమ్మ శ్రద్ధగా విని, "పాయ సంగతే గదా," అని రొట్టె పిండి కలపడానికి పోయింది.

నాకు మాత్రం ఆ సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. మేము పొద్దునంతా చేసేది ఈ సగం ఉడుకే. కోడికి అది మంచిదే, మిగతా సగం తర్వాత వండుకుంటాం. దీనికి మాత్రం ఆ సగమే అన్నిటికంటే చెడ్డ ఘడియ. గిరాకీ వచ్చాక ఇంకో నాలుగు బుడగలు రానిస్తే ఆ చెడ్డ ఘడియలో ఇంకొంచెం లోపలికి పోవడమే. మూత పెట్టి వేడిగా ఉంచినా అంతే, మూత కింద కూడా ఉడుకుతూనే ఉంటుంది. ఇది మెస్సు వంట కాదనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"లావువి పొద్దుగాల్నే ఎక్కిస్తం, బోటి లెక్క. గిరాకీ వచ్చేవరకు అయి తయారుగుంటయి. సన్నయి మనిషి కూసున్నంకనే పెనం మీదేస్తం. నడిమి ఉడుకు మాత్రం లేదు. గంతే."

వచ్చే ఆదివారానికని బందరు ఆయన పెద్ద మనసుతో ఇంకో డబ్బా తెచ్చాడు. "ఈసారన్నా నా పళ్లకు పని తప్పించండి చెల్లెమ్మా," అన్నాడు. అదే ఆదివారానికి అక్క వస్తానంది, అమ్మను తీసుకుపోవడానికి. ముందు రోజు అమ్మ మంచం కింద సంచిని బయటకు లాగి వంటగది గుమ్మం పక్క గోడకు ఆనించి పెట్టింది.

ఆదివారం పొద్దున్నే అమ్మ కటిల్‌ఫిష్ ముక్కలు గంజుకు ఎక్కించింది. తనే, గంటెతో. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, మాట్లాడితే గంటె దింపేస్తుందేమోనని. చింతపండు పులుసు పోసే వేళకు నన్ను పిలిచింది.

"ఉప్పు చూడు. పులుపు చూడు. గవి నాకు తెల్వయి."

చూసి చెప్పాను, కొంచెం పడుతుందని. నేనే వేశాను. అమ్మ తల ఊపింది. "ఇగ ఉప్పు నీది, ఉడుకు నాది," అంది, ఏదో భూమి పంచుకున్నట్టు.

అక్క పొద్దెక్కకముందే వచ్చింది. రావడంతోనే సంచి చూసింది, చెప్పులు విప్పకుండానే తొందర. "తయారైనవా అమ్మా? బస్సు దొరుకుతది, పోదాం పా." వంటగదిలోకి వచ్చి అమ్మ చేతిలో గంటె చూసి ఆగిపోయింది. నా వైపు కోపంగా చూసింది. "మళ్ల వండిపిస్తున్నవా?"

"నేను చెప్పలే అక్కా."

"ఇగ దించు అమ్మా. ఉడికినట్టే ఉన్నది." గంటె తీసుకుని ఒక ముక్క ఊది నోట్లో వేసుకుంది. అది సరిగ్గా నడిమి ఉడుకు మీద ఉంది. అక్క నమిలింది, మొహం ముడిచింది, మళ్లీ నమిలింది. "ఎక్కువైంది! తోలు లెక్కున్నది. దించు, దించు, ఇంకా పాడైతది."

అమ్మ మూత పెట్టేసింది. "ఎక్కువ గాదు బిడ్డా. తక్కువ."

"గింత గట్టిగున్నంక తక్కువేంది?"

"గట్టిగున్నది గనుకనే తక్కువ. ఇప్పుడు దించితే ఎవరి పళ్లకూ లొంగది. ఇంకా జరంతసేపు కూసో."

"బస్సు?"

"బస్సు ఇంకోటి వస్తది. గిది ఇప్పుడు దించితే ఇంకోటి రాదు."

అక్క కూర్చుంది. కూర్చున్నది గానీ కుదురుగా లేదు, లేచి మూత తీయబోవడం, అమ్మ చేయి అడ్డం పెట్టడం. అమ్మ ఆమెకు సముద్రపు నురుగు బొమిక చూపించింది. జిగురు సంగతి చెప్పింది. తన పళ్ల సంగతి చెప్పింది. అక్క మొదట వినీ విననట్టుంది, తర్వాత ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. అక్క ప్రశ్నలు వేస్తుందంటే కోపం సగం తగ్గినట్టే, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలాసేపటికి అమ్మ మూత తీసి ఒక ముక్క వేళ్లతో నొక్కి అక్క చేతిలో పెట్టింది. అక్క నోట్లో వేసుకుంది. ఈసారి మొహం ముడవలేదు.

"నువ్వు చేసినవా?" అంది మెల్లగా, నన్ను కాదు, అమ్మను.

ఇంతలో బయట లారీ ఆగింది. బందరు ఆయనా, ఆ ఇద్దరు డ్రైవర్లూ దిగారు. ఇప్పుడు స్క్విడ్ వేయాలి. పెనం బాగా కాలి పొగ వస్తోంది. నేను తొందరలో కడిగిన చక్రాలను గిన్నెతో సహా పెనం మీద గుమ్మరించాను. చుయ్‌మన్న చప్పుడు ఒక్క క్షణం వచ్చి ఆగిపోయింది, బుడబుడ మొదలైంది. ముక్కలు తమ నీళ్లలోనే ఉడకసాగాయి.

"తియ్యి, తియ్యి! చప్పుడు మారింది వినవడుతలేదా? తడి ముక్కలు, గన్ని ఒక్కసారే ఏస్తవా? పెనం సల్లారింది. గిది మళ్ల నడిమి ఉడుకే అయితది." అమ్మ ఆ ముక్కలను ఊడ్చి కటిల్‌ఫిష్ గంజులో పడేసింది, అక్కడ ఎలాగూ కూర్చుంటాయని. "మిగిలినయి తుడువు. ఎండు బట్టతోని, నీటి బొట్టు లేకుంట తుడువు."

ఎండు బట్ట ఏది? మెస్సులో తువ్వాళ్లన్నీ తడిగా ఉన్నాయి, ఉన్న ఒక్క కొత్తది గరుకుగా ముక్కలకు పోగులు అంటించేలా ఉంది. పెనం పొగలు కక్కుతోంది, బయట ముగ్గురు మనుషులు కూర్చున్నారు. అమ్మ చుట్టూ చూసింది. గోడకు ఆనించిన సంచి దగ్గరికి పోయి ముడి విప్పింది. అన్నిటికంటే పైన అక్క సర్దిన పాత నూలు చీర ఉంది, కట్టీ కట్టీ మెత్తబడింది, భువనగిరిలో ఇంట్లో కట్టుకోవడానికి. అమ్మ దాన్ని విప్పి ఒక కొస పళ్ల మధ్య పెట్టి కొరికింది. కొంచెం తెగింది కానీ పూర్తిగా చిరగలేదు.

"అమ్మా, గది నా ఇంట్ల కట్టుకోనీకె పెట్టిన గదనే," అంది అక్క.

"ఎరికే బిడ్డా," అంది అమ్మ. రెండో కొస అక్క వైపు చాపింది. "పట్టు."

అక్క అమ్మను చూసింది, చీరను చూసింది, పెనాన్ని చూసింది. లేచి వచ్చి ఆ కొస రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ లాగారు. చీర సర్రున చిరిగింది. ఆ చప్పుడుకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఉల్లిగడ్డల మీద నెట్టేశాను.

ముగ్గురం ముక్కలు తుడిచాం. అమ్మ పిడికెడు ముక్కలు మాత్రమే వేసింది, చుయ్‌మన్న చప్పుడు ఆగకుండా ఉంది, ముక్కలు తెల్లబడి అంచులు మెలి తిరగగానే తీసేసింది, కారం చల్లింది, ఉప్పు నేను చల్లాను, వేడిగా ఉండగానే బల్ల మీదికి పోయాయి. మళ్లీ ఇంకో పిడికెడు. బయట నుంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి, ఎవరూ నమలడానికి ఆగలేదు.

"ఎలా చేశారు పిన్నిగారూ?" అని బందరు ఆయన లోపలికి తొంగి చూశాడు.

"ఎట్లున్నదో నువ్వే చెప్పాలె బిడ్డా, రుచి నాకు తెల్వది. మెత్తగున్నదా అంటే నేను చెప్త, మెత్తగున్నది."

సాయంత్రం అక్క ఒక్కతే బస్సెక్కింది. కటిల్‌ఫిష్ పులుసు ఒక డబ్బాలో తీసుకుంది, మిగిలిన చీరలు తీసి అమ్మ మంచం మీద పెట్టి, ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది.